ఏ పుస్తకం సంచిలోకి, ఏ పుస్తకం అల్మరాలోకి

విశాఖపట్నంలో మేముండేది రెండు పడకగదుల ఇల్లు. అందులో పుస్తకాలకు దక్కిన చోటు రెండు అల్మరాలు. ఒక్కోదానికి ఐదు అరలు, అర వెడల్పు మూడడుగులు. మూడేళ్ల కిందట ఒక ఆదివారం అరలన్నీ దులుపుతుంటే కింది నుంచి రెండో బల్ల మధ్యలో వంగి కనిపించింది. చోటు చాలక కొన్ని అరల్లో ముందు వరస వెనక ఇంకో వరస సర్దుతూ వచ్చాను. ఎంత బరువు మోపానో తెలుసుకుందామని మూడు వందల పేజీల డెమ్మీ సైజు నవల ఒకటి తీసుకెళ్లి వంటింట్లోని తూకం మీద పెట్టాను. 340 గ్రాములు తూగింది. వెన్ను మందం ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆ లెక్కన మూడడుగుల అరలో ఒక వరసకు అరవై పుస్తకాలు పడతాయి, ఇరవై కిలోలు ఉంటాయి. రెండు వరసలు పెడితే నలభై కిలోలు. అద్దె ఇళ్లలో వేసే చౌక బల్ల అంత బరువు మోయలేదు. ఆ రోజే అన్నీ లెక్కపెట్టాను. 740 తేలాయి.

బరువు కన్నా ఎక్కువ బాధపెట్టింది వెనక వరస. అక్కడ గాలి ఆడదు. సముద్రపు చెమ్మకు కాగితం మెత్తబడి, అట్టల మీద జిగురున్న చోటల్లా వెండిరంగు పురుగులు కొరికేశాయి. కలరా ఉండలు వేసినా ఆగలేదు. పైగా కంటికి కనబడని పుస్తకాన్ని ఎవరూ చదవరు. ఉందని మరిచిపోయి ఒకే పుస్తకం రెండోసారి కొన్న సందర్భాలు నాకు మూడున్నాయి.

ఇక నా ఉద్యోగం బ్యాంకు శాఖల తనిఖీ. నెలలో పదిహేను రోజులు బయటే. రాయగడ, కోరాపుట్, రాయపూర్, ఒక్కోసారి విమానంలో బెంగళూరు. సాయంత్రం ఆరు దాటాక లాడ్జి గదిలో చేసేదేమీ ఉండదు కాబట్టి చదువుతాను. పన్నెండు రోజుల ప్రయాణంలో ఐదారు పుస్తకాలు అవుతాయి. అంటే రెండు కిలోలు. విమానంలో చేతిసంచికి ఏడు కిలోలే అనుమతి. అందులో లాప్‌టాప్, దాని చార్జరు, ఫైళ్లు పోగా పుస్తకాలకు మిగిలేది రెండు కిలోలు కూడా కాదు. తీసుకెళ్లిన ఐదింటిలో రెండు నచ్చకపోతే, నాలుగో రోజు నుంచి చదవడానికేమీ లేక అల్లాడిపోయేదాన్ని.

అలా ఈ-రీడర్ కొన్నాను. ఆరంగుళాల తెర, రెండు వందల గ్రాముల లోపు బరువు. అచ్చు పుస్తకాన్ని వదులుకోవాలన్న ఆలోచన లేదు. ప్రయాణంలో చదివేవి దీనిలో, ఇంట్లో చదివేవి కాగితం మీద అనుకున్నాను. ఆ విభజన సరైనది కాదని తెలియడానికి ఏడాది పట్టింది.

మొదటి రెండు నెలలు ఇంగ్లీషు పుస్తకాలతోనే గడిచాయి. అక్కడ ఏ ఇబ్బందీ లేదు. కొన్న నిమిషంలో పుస్తకం చేతిలో ఉంటుంది, తెలియని మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది. ఫోను తెరలాగా వెలుగు కళ్లలోకి కొట్టదు. ఈ-ఇంక్ తెర కాగితంలాగే బయటి వెలుతురును తిప్పికొడుతుంది. తెర అంచుల్లోని చిన్న దీపాలు వెలుగును అక్షరాల మీద పరుస్తాయి. అరకు మీదుగా వెళ్లే లైనులో సొరంగాలు వరసగా వస్తాయి. పగటి పెట్టెలో దీపాలు వెలగకపోతే అచ్చు పుస్తకం ప్రతి సొరంగంలోనూ మూయాల్సిందే. ఆ దారిలో మొదటిసారి వాక్యం మధ్యలో ఆగకుండా చదువుకుంటూ వెళ్లాను. పేజీ మార్చినప్పుడు మాత్రమే తెర కరెంటు వాడుకుంటుంది కాబట్టి, దీపం తక్కువలో పెట్టుకుంటే రెండు వారాల పర్యటనకు చార్జరు గుర్తుకే రాదు.

కానీ నేను చదివేవాటిలో మూడొంతులకు రెండొంతులు తెలుగే. మూడో నెలలో తెలుగు వైపు తిరిగాను. అసలు పని అప్పుడు మొదలైంది.

కొత్త తెలుగు పుస్తకాలు ఈ-పుస్తకాలుగా దొరికేవి తక్కువ. ఎందుకో ఒక చిన్న ప్రచురణకర్త నాకు వివరంగా చెప్పారు. మన దగ్గర పుస్తకాల పేజీలు చాలాకాలంగా ‘అను’ అనే ఫాంట్లలో తయారవుతున్నాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌కు ఆ ఫాంట్లు చెందినవి కావు. కంప్యూటర్‌కు సంబంధించినంత వరకు ఆ ఫైలులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. అచ్చుకు అది చాలు. ఈ-పుస్తకానికి మాత్రం అక్షరం నిజంగా తెలుగు అక్షరమై ఉండాలి, లేకపోతే సైజు పెంచినా, ఫాంటు మార్చినా చెత్త వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గానీ, మార్చాక వత్తులూ విరామచిహ్నాలూ తప్పుతాయి. మళ్లీ మొదటి నుంచి ప్రూఫు దిద్దాలి. ఐదు వందల ప్రతులు అమ్ముకోవడమే గగనమైన పుస్తకానికి ఆ ఖర్చు ఎవరు పెడతారు?

మన చేతిలో ఉన్న పీడీఎఫ్ ఎలాంటిదో తెలుసుకోవడం చాలా తేలిక. ఒక మాటను ఎంచుకుని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. తెలుగు అక్షరాలే వస్తే యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాలూ కొక్కేల గుర్తులూ కలగలిసి వస్తే పాత ఫాంటు. అసలు మాటను ఎంచుకోవడమే కుదరకపోతే అది పేజీల బొమ్మ, అంటే స్కాన్. నాకు కావలసిన పాత పుస్తకాల్లో దాదాపు అన్నీ మూడో రకానివే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం గ్రంథాలయాల్లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇప్పుడు archive.org లో ఉన్నాయి. వాటిని ఈ చిన్న తెర మీద చదవగలిగితేనే నేను కొన్న పరికరానికి అర్థం ఉంటుంది.

వాటిలో ఒకదాన్ని లొంగదీయడానికి పట్టిన నాలుగు రాత్రులను కాస్త వివరంగా చెబుతాను. నాలాంటివాళ్లు చాలామంది ఇక్కడే విసిగి, ఈ-రీడర్‌ను సొరుగులో పడేస్తారు.

అది ఒక పాత యాత్రాచరిత్ర, డెమ్మీ సైజు, స్కాన్ ప్రతి. నేరుగా తెరిస్తే పేజీ మొత్తం తెరలో ఇమిడింది గానీ అక్షరం చీమ తలకాయంత ఉంది. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. డెమ్మీ పేజీ ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు. నా తెర ఎత్తు నాలుగు పాయింట్ ఎనిమిది. అంటే ప్రతి అక్షరం అచ్చులో ఉన్నదాంట్లో సగానికి కాస్త పైన. ఇంగ్లీషు అక్షరం ఆ సైజులోనూ ఆనవాలు పట్టొచ్చు. తెలుగులో వత్తు అక్షరం కింద చిన్నగా ఉంటుంది. అది ఇంకా సగమైతే ‘త’వత్తో ‘న’వత్తో పోల్చుకోలేం.

పేజీల బొమ్మలను చిన్న తెరకు తగ్గట్టు మలిచే k2pdfopt అనే ఉచిత సాధనం ఒకటుంది. బొమ్మలోని వరసలనూ మాటలనూ గుర్తుపట్టి, కత్తిరించి, చిన్న తెర వెడల్పులో మళ్లీ పేర్చడం దాని ప్రత్యేకత. ఇంగ్లీషు స్కాన్‌లకు అద్భుతంగా పనిచేస్తుంది. మొదటి రాత్రి అదే చేశాను. మొదటి రెండు పేజీలు చూసి సంతోషపడ్డాను. మూడో పేజీలో కొన్ని వత్తులు తమ అక్షరాల కింది నుంచి విడిపోయి, కింద ఇంకో వరసలాగా తేలాయి. ఇంకో చోట గుడి ఎగిరి పైవరసకు అంటుకుంది. వరసల మధ్య తెల్లటి ఖాళీని బట్టి ఆ సాధనం వరసను గుర్తిస్తుంది. పాత అచ్చులో వత్తుకూ దాని పై అక్షరానికీ నడుమ కూడా సన్నని ఖాళీ ఉంటుంది. దాన్ని చూసి అక్కడ వరస ముగిసిందనుకుంటుంది. రెండో రాత్రి దాని అమరికలు ఎన్ని మార్చినా, ఒక పేజీలో బాగైతే ఇంకో పేజీలో చెడింది.

మూడో రాత్రి పేర్చడం మానేసి, అంచులు కత్తిరించి తెరను అడ్డంగా తిప్పితే ఎలా ఉంటుందని ఆలోచించాను. ఆ పుస్తకంలో అంచులు పోగా అచ్చు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. తెరను అడ్డంగా పట్టుకుంటే దాని వెడల్పు నాలుగు పాయింట్ ఎనిమిది. అంటే అక్షరం అచ్చులో కన్నా కొంచెం పెద్దగానే కనిపిస్తుంది. ఒక్కో పేజీ రెండు, రెండున్నర తెరలవుతుంది, అంతే. ముందు పది పేజీల మీద ప్రయత్నించాను.

```
k2pdfopt -mode fw -dev kp3 -p 20-29 yatra.pdf
```

ఇందులో fw అంటే మాటలను విడదీయకుండా అచ్చు వెడల్పును తెర వెడల్పుకు సరిపెట్టమని. kp3 అన్నది నా తెరకు దగ్గరగా ఉన్న గుర్తు. దాని జాబితాలో ఎవరి పరికరానికి తగినది వాళ్లు ఎంచుకోవచ్చు. ఫలితం yatra_k2opt.pdf అన్న పేరుతో పక్కనే వచ్చింది. వత్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ నాలుగైదు పేజీల్లో అచ్చు మళ్లీ చిన్నగా ఉంది. ఆ పేజీలు విడిగా తెరిచి చూస్తే కుడి అంచున నిలువునా నల్లటి చార. స్కాన్ చేసినప్పుడు పుస్తకం నడుమ పడిన నీడ అది. సాధనం ఆ చారను కూడా అచ్చులో భాగమనుకుని, దాన్ని కలుపుకుని వెడల్పు లెక్కగట్టింది. నాలుగో రాత్రి అంచుల నుంచి అర అంగుళం వదిలేయమని -m 0.5 చేర్చి పుస్తకమంతా మార్చాను. ఆ వారం కోరాపుట్‌లో నాలుగు సాయంత్రాలు ఆ యాత్రాచరిత్ర చదివాను. అందులోని ఊళ్ల పేర్లలో కొన్ని నేను రైల్లో దాటి వచ్చినవే.

ఇప్పుడు ఒక స్కాన్ పుస్తకానికి నాకు పట్టేది పది నిమిషాలు. అరవై డెబ్భై పుస్తకాలు అలా మార్చుకున్నాను.

యూనికోడ్‌లో ఉన్నవాటి సంగతి వేరు. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందంగా కూర్చుని, పేజీ పేజీ టైపు చేసి, దిద్ది పెట్టిన పుస్తకాలు ఉన్నాయి. రచయిత మరణించి అరవై ఏళ్లు దాటితే మన దేశంలో కాపీహక్కు తీరిపోతుంది కాబట్టి అక్కడ ఉన్నవి ఎక్కువగా పాతవి. వాటిని ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలో దించుకోవచ్చు. దాన్ని కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నా పరికరం చదవగలిగే రూపంలోకి మార్చుకుంటాను. మొదటిసారి తెరిచినప్పుడు పేజీ నిండా ఖాళీ డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంటు లేదని దాని అర్థం. నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు ఫైలును పరికరంలోని ఫాంట్ల ఫోల్డరులో పెట్టాక అక్షరాలు వచ్చాయి, కానీ ‘స్త్రీ’ అన్న మాట మూడు ముక్కలై, మధ్యలో పొల్లులతో వరసగా నిలబడింది. ఇది ఫాంటు లోపం కాదు. అక్షరాలను కలిపి కూర్చే పని పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ది, అది పాతది. ఎన్ని ఫాంట్లు మార్చినా లాభం ఉండదని తెలియక రెండు రోజులు వృథా చేశాను. సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాక సరిపోయింది. అందుకే ఎవరైనా ఈ-రీడర్ కొంటామంటే, కొనే ముందే ఎవరిదగ్గరైనా ఆ పరికరంలో ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘సామర్థ్యం’ అన్న మూడు మాటలు ఉన్న పేజీ తెరిచి చూడమంటాను. ఆ మూడూ సరిగా వస్తే మిగతా తెలుగంతా వస్తుంది.

యూనికోడ్ పుస్తకం విలువ నాకన్నా మా అత్తయ్యగారికి ముందు తెలిసింది. ఆవిడకు డెబ్భై నాలుగేళ్లు, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. నేను ఊళ్లో ఉన్న ఒక మధ్యాహ్నం అక్షరం బాగా పెద్దది చేసి ఆవిడ చేతికిచ్చాను. తెరకు ఎనిమిది వరసలే పట్టాయి. భూతద్దం పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టారు. సాయంత్రం టీ ఇవ్వడానికి వెళ్తే తలెత్తకుండానే, “ఇది నాకు వదిలేసి వెళ్లమ్మా ఈసారి” అన్నారు.

వదిలేసి ఎలా వెళ్లను? అందులోనే నా పదిహేను రోజుల చదువంతా ఉంది. ఈ పరికరానికి ఉన్న పెద్ద లోటు నాకు అక్కడ కనబడింది. అల్మరాలో ఏడువందల పుస్తకాలుంటే ఇంట్లో నలుగురూ నాలుగు పుస్తకాలు తీసుకుని చదువుకోవచ్చు, పక్కింటివాళ్లకు ఇవ్వచ్చు. ఈ-రీడర్‌లో వెయ్యి పుస్తకాలున్నా ఒక సమయంలో చదివేది ఒక్కరే. ఆరు నెలల తర్వాత ఆవిడకు ఇంకోటి కొన్నాం. ఆ ఖర్చు మొదటి లెక్కలో లేదు.

ఈ-రీడర్‌లో నాకు అస్సలు కుదరనివి పద్యకావ్యాలు, వ్యాఖ్యానాలు, నిఘంటువులు. సీసపద్యం పాదం పొడుగైనది. అచ్చు పుస్తకంలో పాదాన్ని సగం దగ్గర విరిచి రెండు వరసలుగా వేస్తారు, విరుపు ఎక్కడో కంటికి తెలుస్తుంది. ఆరంగుళాల తెర మీద అక్షరం చదవగలిగేంత పెద్దది చేస్తే వరస తనకు తోచిన చోట తెగుతుంది. యతి ఎక్కడుందో కన్ను పట్టుకోలేదు, నోటికి పద్యం నడక తప్పుతుంది. ఇక ప్రతిపదార్థం ఉన్న పుస్తకమైతే పద్యానికీ అర్థానికీ మధ్య క్షణక్షణం వెళ్లిరావాలి. కాగితంలో చూపుడువేలు ఒక పేజీలో, బొటనవేలు ఇంకో పేజీలో పెట్టి చేసే పని అది. తెర మీద ప్రతిసారీ మూడు నాలుగు తట్లు తట్టాలి. అన్ని తట్లయ్యేసరికి పద్యం చెవిలోంచి జారిపోతుంది. బొమ్మలూ పట్టికలూ ఉన్నవీ అంతే. వీటి కోసం పదంగుళాల పరికరం కొనమని స్నేహితురాలు సలహా ఇచ్చింది. దానికి దాదాపు రెండున్నర రెట్లు ధర. ఆ డబ్బుతో నాకు కావలసిన పద్యకావ్యాలు అచ్చులోనే కొనుక్కోవచ్చు.

కాబట్టి ప్రయాణానికి ఇది, ఇంటికి అది అన్న నా మొదటి విభజన నిలబడలేదు. ఒక పుస్తకం ఎక్కడ ఉండాలో ఆ పుస్తకమే చెబుతుంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదువుకుపోయే కథలూ నవలలూ ఆత్మకథలూ తెర మీద సుఖంగా ఉంటాయి. వెనక్కీ ముందుకూ తిరిగేవి కాగితం మీదే ఉండాలి. వరసగా చదివేదే అయినా, మళ్లీ దొరకని పుస్తకమైతే అదీ కాగితం మీదే ఉండాలి.

ఈ చివరి మాట నష్టపోయి నేర్చుకున్నాను. రెండో ఏడు అల్మరా ఖాళీ చేయడం మొదలుపెట్టాను. అరకొక ఆదివారం చొప్పున పది ఆదివారాలు. ప్రతి పుస్తకం చేతిలోకి తీసుకుని, మళ్లీ చదువుతానా, స్కాన్ గానీ ఈ-పుస్తకం గానీ ఉందా, బజారులో దొరుకుతోందా అని చూసుకున్నాను. చదవను అనుకున్నవి కొన్ని పాత పుస్తకాల కొట్టుకు, ఎక్కువ భాగం మా శాఖా గ్రంథాలయానికి వెళ్లాయి. గ్రంథాలయం వాళ్లు అన్నీ తీసుకోరు. పాఠ్యపుస్తకాలు, పురుగు కొట్టినవి, ఇప్పటికే రెండేసి ప్రతులున్నవి వద్దంటారు. ముందుగా పేర్ల జాబితా రాసుకుని వెళ్తే గంటలో తేలిపోతుంది. ఊరికే బస్తాలు మోసుకెళ్తే సగం మళ్లీ వెనక్కి మోసుకురావాలి.

అలా ఇచ్చేసినవాటిలో 1950లలో అచ్చయిన ఒక నవల ఉంది. స్కాన్ ఉందని చూసుకున్నాను, దించుకున్నాను, నిశ్చింతగా ఇచ్చేశాను. నాలుగు నెలల తర్వాత రాయపూర్ లాడ్జిలో చదువుతుంటే 113వ పేజీలో ఒక వాక్యం సగంలో ఆగింది. తర్వాతి పేజీ 116. స్కాన్ చేసినవాళ్లు రెండు కాగితాలు కలిపి తిప్పేశారు. ఎదురుబొదురుగా ఉన్న రెండు పేజీలు పోయాయి, ఆ నవలలో కూతురు ఇల్లు విడిచి వెళ్లే ఘట్టం ఆ రెండు పేజీల్లోనే ఉంది.

అప్పటి నుంచి స్కాన్‌ను నమ్మే ముందు ఒక తనిఖీ చేస్తున్నాను. చివరి పేజీ మీద అచ్చయిన సంఖ్య చూడాలి, ఫైలులో మొత్తం బొమ్మలెన్నో చూడాలి. అట్ట, లోపలి శీర్షిక పేజీ, ముందుమాట వంటి సంఖ్య లేని పేజీలు తీసేస్తే రెండూ సరిపోవాలి. సరిపోకపోతే పదహారేసి పేజీలకు ఒకసారి ఆగి సంఖ్య చూసుకుంటూ వెళ్తే ఎక్కడ తప్పిందో దొరుకుతుంది. పాత పుస్తకాలు పదహారు పేజీల ఫారాలుగా కుట్టి ఉంటాయి కాబట్టి ఒక్కోసారి బైండింగులోనే ఫారం మొత్తం పోయి ఉండొచ్చు. అప్పుడు లోటు సరిగ్గా పదహారు కనిపిస్తుంది. అది స్కాన్ చేసినవారి పొరపాటు కాదు, గ్రంథాలయంలోని ప్రతే లోపభూయిష్ఠం. మూడు వందల పేజీల పుస్తకానికి ఈ తనిఖీ ఐదు నిమిషాల పని. నా దగ్గరున్న స్కాన్‌లన్నీ ఇలా చూస్తే తొమ్మిదింటిలో పేజీలు తక్కువ వచ్చాయి. ఆ తొమ్మిదింటిలో నా అచ్చు ప్రతి మిగిలి ఉన్నవి ఆరు. వాటిని ఇక కదిలించను. శీర్షిక వెనక పేజీలో ‘ప్రతులు: 1000’ అని చూసినప్పుడల్లా చేయి ఆగుతుంది. ఆ వెయ్యిలో ఇప్పటికి ఎన్ని బతికి ఉంటాయి?

కొన్న ఈ-పుస్తకాల విషయంలోనూ ఒక సంగతి తెలిసి ఉండాలి. మనం కొనేది చదువుకునే అనుమతి మాత్రమే, అచ్చు పుస్తకంలాగా ఎవరికీ ఇవ్వలేం, అమ్మలేం. కిండిల్‌లో కొన్న పుస్తకం ఫైలును కంప్యూటర్‌లోకి దించి దాచుకునే సౌకర్యాన్ని 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్ తీసేసింది. అందుకే నేను ఇంగ్లీషులో ఒకసారి చదివి వదిలేసేవి మాత్రమే అలా కొంటాను. జీవితాంతం ఉండాలనుకున్నది అచ్చులో కొంటాను. వికీసోర్సు పుస్తకాలూ స్కాన్‌లూ నా కంప్యూటర్‌లో ఒక ప్రతి, పెన్‌డ్రైవులో ఒక ప్రతి ఉంటాయి.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో నిరుడు తెలిసింది. సంచిలో ఈ-రీడర్ పక్కన నీళ్ల సీసా పెట్టి పై బెర్తు మీదకు నెట్టాను. ఉదయం తీస్తే తెర పైభాగంలో మూడు నిలువు చారలు, ఒక మూల నల్లగా. బయటి తెర మీద గీత కూడా లేదు. కింద ఉండే పలచని గాజుపలక పగిలింది. ఆపి మళ్లీ పెట్టినా చారలు అక్కడే ఉంటే ఇక అది బాగుపడదు, తెర మార్పించడానికి అయ్యే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గర్లో ఉంటుంది. అచ్చు పుస్తకం మీద అదే సీసా పడితే అట్ట నలిగేది, అంతే. కొత్తది కొన్నాక గట్టి అట్టలాంటి తొడుగు వేశాను, దాన్ని ఎప్పుడూ లాప్‌టాప్ అరలోనే పెడతాను. ఫైళ్లు భద్రంగా ఉన్నాయి కాబట్టి ఒక సాయంత్రంలో అన్నీ మళ్లీ ఎక్కించుకోగలిగాను.

ఇప్పుడు అల్మరాల్లో 312 పుస్తకాలున్నాయి. అన్నీ ఒకే వరసలో, వెన్నులన్నీ కనబడుతూ. వంగిన బల్ల మార్పించాం. ఏటా జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్లినప్పుడు పాతిక పుస్తకాలకు మించి కొనకూడదని పెట్టుకున్నాను. పోయినసారి ముప్పై ఒకటి అయ్యాయి. పర్యటనకు వెళ్లేటప్పుడు సంచిలో ఈ-రీడర్‌తో పాటు ఒక పద్యకావ్యం తప్పకుండా ఉంటుంది. రోజుకు నాలుగు పద్యాలు చదువుకుంటే పన్నెండు రోజులకు అదొక్కటే సరిపోతుంది.

ఆ నవల కోసం రాయపూర్ నుంచి వచ్చిన మర్నాడే శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. నేనిచ్చిన ప్రతి అక్కడే ఉంది, అట్టకు ప్లాస్టిక్ తొడుగు వేసి, వెన్ను మీద సంఖ్య అంటించారు. కిటికీ పక్కన బల్ల మీద 114, 115 పేజీలు ముందు చదివాను, తర్వాత గ్రంథపాలకుడిని అడిగి ఫోనుతో ఫొటోలు తీసుకున్నాను. ఇంటికి వచ్చి వాటిని నా ఫైలులో వాటి చోట చేర్చాను. పుస్తకం తిరిగి ఇమ్మని అడగాలనిపించింది, అడగలేదు. వెనక అట్ట లోపల అంటించిన చీటీ మీద అప్పటికే రెండు తేదీల ముద్రలు పడి ఉన్నాయి.